పొలంలో గదికి భూమిలోంచి కరెంటు: ఆర్మర్డ్ కేబుల్ ఎలా వేయాలి

మా ఇంటి నుంచి పశువుల కొట్టానికి మొదటిసారి కరెంటు తీసుకెళ్లినప్పుడు అడుగు లోతులో పీవీసీ పైపు పెట్టి, అందులో మామూలు వైరు లాగేశాం. మూడో ఏడు వానాకాలంలో బోదె సరిచేస్తుంటే గునపం ఆ పైపుకి తగిలింది. తగిలిన సంగతి ఎవరికీ తెలియలేదు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఎంసీబీ పడలేదు. రెండు రోజుల తర్వాత గేదె కొట్టంలోకి రానని మొరాయించింది. తాడు పట్టి లాగితే గుమ్మం ముందు తడినేల మీద కాళ్లు పెట్టి, వెంటనే వెనక్కి గెంతింది. నాన్న అక్కడే ఉత్తకాళ్లతో నిలబడి, "నేల జిల్లుమంటోందిరా" అన్నారు. ఇంటికొచ్చి మెయిన్ ఒక్కటీ ఉంచి, వాడే వస్తువులన్నీ ఆపేసినా మీటరు మీద ఎర్ర లైటు మిణుకుతూనే ఉంది. రెండు రోజులుగా కరెంటు భూమిలోకి పోతోందన్నమాట.

ఎంసీబీ ఎందుకు పడలేదో ముందు అర్థం చేసుకోవాలి. కింద చెప్పబోయే పనులన్నిటికీ కారణం అదే. మన ఊళ్లలో స్తంభం నుంచి ఇంటికి సాధారణంగా రెండే తీగలు వస్తాయి, ఫేజు, న్యూట్రలు. ఎర్తు మనం ఇంటి పక్కన గొయ్యి తీసి పెట్టుకున్నదే. ఫేజు ఎక్కడైనా మట్టికి తగిలితే, ఆ కరెంటు నేలలోంచి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు దాకా నడిచి వెళ్లాలి. ఆ దారికి మొత్తం 25 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. 230ని 25తో భాగిస్తే దాదాపు 9 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి 9 ఆంపియర్లంటే మామూలు లోడే, అది గంటలకొద్దీ అలాగే నిలబడి ఉంటుంది. మనిషి ప్రాణం పోవడానికి మాత్రం అందులో వందో వంతు చాలు. అందుకే ఈ పనిలో లోతు ఎంత ముఖ్యమో, లీకైన కరెంటును పసిగట్టే ఆర్‌సీసీబీ అంతకన్నా ముఖ్యం.

రెండోసారి, కోర్ల చుట్టూ ఇనుప తీగల కవచం, అంటే ఆర్మరు ఉన్న కేబుల్‌తో పని సరిగ్గా చేయించాం. అదే లెక్కలతో చెబుతాను, మీ దూరానికీ లోడుకీ తగ్గట్టు మార్చుకోండి. ఒక మాట మాత్రం ముందే. కందకం తవ్వడం, ఇసుక పోయడం, కేబుల్ పరచడం, ఇటుకలు పేర్చడం మీరు చేసుకోవచ్చు. కేబుల్ బోర్డులోకి వెళ్లే చోట దాన్ని పట్టి ఉంచే గ్లాండు బిగించడం, బోర్డు కనెక్షన్లు, టెస్టింగు మాత్రం పర్మిట్ ఉన్న వైర్‌మన్‌తోనే చేయించండి. వ్యవసాయ మోటారుకిచ్చిన సర్వీసు నుంచి గదికి తీసుకోకండి, అది మోటారు కోసమే ఇచ్చింది. ఇంటి మీటరు నుంచి తీసుకునేటప్పుడు కూడా దారి మధ్యలో ఊరి రోడ్డో, వేరేవాళ్ల చేనో అడ్డొస్తే ముందు మీ సెక్షన్ ఏఈ గారిని కలిసి అడగండి.

ఎంత లావు కేబుల్?

ఇంటి బోర్డు నుంచి కొట్టం గది దాకా నేల మీద టేపు పెట్టి కొలిస్తే 60 మీటర్లు. రెండు చివర్లా గోడ ఎక్కడానికి, కాస్త మిగులు చుట్ట వదలడానికి, వంపులకీ కలిపి 70 మీటర్ల ఒకే ముక్క కొన్నాం. రెండు ముక్కలు కొని మధ్యలో అతికించే ఆలోచన అసలు పెట్టుకోకండి. భూమిలో జాయింటు అంటే కొన్నేళ్లకు నీళ్లు దిగే చోటు.

లోడు: గడ్డి కత్తిరించే మిషన్, 2 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు, నడిచేటప్పుడు సుమారు 11 ఆంపియర్లు. నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక చార్జింగ్ ప్లగ్గు కలిపి 2 ఆంపియర్లు. మొత్తం 13. దీన్ని చూసి షాపులో 2.5 స్క్వేర్ ఎంఎం చాలంటారు. కాలిపోకుండా ఉండటానికైతే అది నిజంగానే చాలు. చిక్కల్లా మోటారు స్టార్టయ్యే క్షణంలో ఉంది. ఆ కాసేపు మోటారు నాలుగైదు రెట్లు, అంటే 55 ఆంపియర్ల దాకా లాగుతుంది. 70 మీటర్ల 2.5 రాగి కేబుల్లో రానుపోను నిరోధం 1.26 ఓమ్‌ల చొప్పున అప్పుడు దాదాపు 69 వోల్టులు దారిలోనే పోతాయి. సాయంత్రం పూట మా ఊళ్లో 200 వోల్టులే ఉంటుంది. మోటారుకి చేరేది 131. అది తిరగదు, మూలుగుతుంది, కాసేపటికి కమురు వాసన వస్తుంది.

అదే 6 స్క్వేర్ ఎంఎం రాగి అయితే నిరోధం 0.51 ఓమ్‌లు. స్టార్టింగులో 28 వోల్టులు పోయి 172 మిగులుతుంది, మోటారు అందుకుంటుంది. నడిచేటప్పుడు పోయేది ఆరేడు వోల్టులే. అందుకని 6 తీసుకున్నాం. అల్యూమినియంలో 10 స్క్వేర్ ఎంఎం కూడా దీనికి సరిసమానం, ధర తక్కువ. కానీ అల్యూమినియం తీగ స్క్రూ కింద కాలం గడిచేకొద్దీ వదులవుతుంది. లగ్గులు సరిగ్గా ప్రెస్ చేసే పనివాడు దొరికితేనే అటు వెళ్లండి.

షాపులో అడగాల్సింది ఇలా: మూడు కోర్ల 6 స్క్వేర్ ఎంఎం రాగి, ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్, జీఐ తీగల ఆర్మరు, 1.1 కేవీ, ఐఎస్ 7098 గుర్తు ఉన్నది. మూడు కోర్ల కేబుల్లో రంగులు ఎరుపు, పసుపు, నీలం ఉంటాయి, ఆకుపచ్చ ఉండదు. మేము ఎరుపు ఫేజుకి, నీలం న్యూట్రలుకి, పసుపు ఎర్తుకి వాడాం. పసుపు కోరుకి రెండు చివర్లా ఆకుపచ్చ స్లీవు, నీలానికి నల్ల స్లీవు తొడిగించాం. ఈ చిన్న పని మరిచిపోతే, పదేళ్ల తర్వాత బోర్డు విప్పిన కొత్త మనిషి పసుపును రెండో ఫేజనుకుంటాడు.

కందకం

లోతుకు ఐఎస్ 1255 చెప్పే లెక్క 75 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. అది నేల మట్టం నుంచి కేబుల్ పైభాగం దాకా. కింద ఇసుక పరుపుకి, కేబుల్ మందానికి కలిపి 85 సెంటీమీటర్లు తవ్వాలి. వెడల్పు అడుగున్నర ఉంటే మనిషి దిగి నిలబడగలడు. బండ్లు, ట్రాక్టర్లు తిరిగే బాట అడ్డొచ్చిన చోట లోతు ఒక మీటరు.

రెండున్నర అడుగులెందుకని మా పాలేరు కూడా అడిగాడు. రోటవేటరు, గొర్రు అర అడుగు, ముప్పావు అడుగు కన్నా ఎక్కువ దిగవు నిజమే. పెద్ద నాగలి అడుగు దిగుతుంది. కానీ చెట్టుకు గొయ్యి, కంచెకు రాయి, డ్రిప్పు పైపుకి కాలువ, ఇవన్నీ మనుషులు గునపంతో తవ్వేవి, రెండడుగుల దాకా వెళ్తాయి. వాటికి కింద ఉండాలి కేబుల్. జేసీబీ బకెట్టుకు ఏ లోతూ అడ్డు కాదు. దాని కోసమే ఇటుకలు, టేపు.

దారి ఎంచుకునేటప్పుడు గట్టు పక్కనే తిన్నగా వెళ్లండి. చేను మధ్యలోంచి అడ్డంగా వెళ్తే దూరం తగ్గుతుంది, కానీ ఎక్కడుందో నాలుగేళ్లకు ఎవరికీ గుర్తుండదు. కొబ్బరి మొదళ్లు, ఎరువు దిబ్బ, సెప్టిక్ ట్యాంకు తప్పించండి. నీళ్ల పైపు అడ్డొస్తే దానికీ కేబుల్‌కీ మధ్య అడుగు ఎడం ఉంచి, మధ్యలో ఒక ఇటుక వరస పెట్టండి. పైపు బాగు చేసుకునేవాడు తవ్వుకుంటూ వచ్చి ముందు ఇటుకను చూడాలి.

మా దారిలో పది మీటర్లు నల్లరేగడి. ఎండాకాలంలో ఆ నేల చేయి పట్టేంత బీటలిస్తుంది, బిగుతుగా పరిచిన కేబుల్‌ని లాగుతుంది. అక్కడ కేబుల్‌ని కాస్త పాములా వంకరగా పరిచి, చుట్టూ ఇసుక ఎక్కువ పోశాం. మీది తెలంగాణ వైపు రాతినేల అయి, అడుగున్నరకే పరుపుబండ తగిలితే, ఆ మేరకు కేబుల్‌ని జీఐ పైపులోంచి తీసుకెళ్లి పైన నాలుగంగుళాల కాంక్రీటు వేయించడం తప్ప దారి లేదు. బండ ఉందని ఊరికే పైపైన పరిచేయకండి.

పరచడం, పూడ్చడం

కందకం అడుగున రాళ్లు, వేళ్లు ఏరేసి, జల్లించిన ఇసుక మూడంగుళాలు పరవండి. ఇసుక దొరక్కపోతే జల్లెడ పట్టిన మెత్తటి మట్టి అయినా సరే. రాయి మాత్రం కేబుల్‌కి తగలకూడదు. పైన మట్టి బరువుకి ఆ రాయి ఏళ్ల తరబడి ఒకే చోట నొక్కుతూ, నల్లటి పై తొడుగును చీల్చేస్తుంది. ఆ చీలికలోంచి తడి దిగి ఆర్మరు తీగలు తుప్పు పడతాయి.

కేబుల్ చుట్టను నేల మీద పడుకోబెట్టి ఒక్కో చుట్టా పైకి లాగకండి, మెలిక పడుతుంది. చుట్టను నిలబెట్టి, ఒకరు దొర్లిస్తుంటే మరొకరు పరుచుకుంటూ పోవాలి. మూలల్లో కేబుల్ మందానికి 12 రెట్ల కన్నా తక్కువ వంపు ఇవ్వకూడదు. ఈ కేబుల్ సుమారు 18 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, అన్నం తినే పెద్ద పళ్లేలు రెండు పక్కపక్కన పెట్టినంత వెడల్పు గుండ్రంగా తిప్పితే బెంగ లేదు. కోసిన చివర్లకు టేపు గట్టిగా చుట్టి ఉంచండి. వాన పడితే నీళ్లు కోర్ల మధ్యలోంచి లోపలికి పాకుతాయి.

బాట దాటే చోట కేబుల్‌ని 75 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పైపులోంచి పంపండి. పైపు బాటకు రెండు వైపులా మీటరు చొప్పున ముందుకు ఉండాలి, లేకపోతే ట్రాక్టరు చక్రం సరిగ్గా పైపు చివరి మీదే పడుతుంది.

పూడ్చే ముందు వైర్‌మన్‌ని పిలిచి, ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మెగ్గర్ పెట్టించండి. 500 వోల్టుల మెగ్గరుతో కోరుకీ కోరుకీ మధ్య, ప్రతి కోరుకీ ఆర్మరుకీ మధ్య చూడాలి. కొత్త కేబుల్ వందల మెగాఓమ్‌లు చూపిస్తుంది. ఒక మెగాఓమ్‌కి దిగితే ఎక్కడో దెబ్బ ఉంది. ఈ పరీక్ష మూడుసార్లు చేయించాం: చుట్ట విప్పకముందు, పరిచాక, పూడ్చాక. మూడోసారి తేడా వస్తే పూడ్చేటప్పుడు దెబ్బ తగిలిందని వెంటనే తెలుస్తుంది, ఎవరి మీదో అనుమానపడే పని ఉండదు.

కేబుల్ మీద మరో మూడంగుళాల ఇసుక, దాని మీద ఇటుకలు అడ్డంగా, సందు లేకుండా. మీటరుకి తొమ్మిదో పదో ఇటుకలు పడతాయి. మీదట అడుగు మట్టి పోసి తొక్కించి, దాని మీద ఎర్ర హెచ్చరిక టేపు పరిచి, మిగతా మట్టి పోయండి. తవ్వేవాడికి ముందు టేపు కనిపించాలి, అది చూడకపోతే ఇటుక ఖంగుమనాలి. మట్టి కుంగుతుంది కాబట్టి పైన కాస్త గుట్టగా వదలండి, ఒక వానకే సర్దుకుంటుంది.

గ్లాండు

కేబుల్ నేలలోంచి పైకొచ్చే చోటే గడ్డపార, గేదె కొమ్ము, పందికొక్కు పళ్లు అన్నీ తగిలేవి. అక్కడ అడుగు లోతు నుంచి మనిషి ఎత్తు దాకా జీఐ పైపు తొడిగి గోడకు క్లాంపులు కొట్టండి. పైపు మూతిని సీలెంటుతో మూసేయాలి, లేకపోతే చీమలు, బల్లులు దాన్నే దారి చేసుకుని బోర్డులోకి వస్తాయి.

ఆర్మరు ఉన్నా దాన్ని ఎర్తుకి కలపకపోతే సగం పనికిరాదు. కలిపేది గ్లాండు దగ్గర. వైర్‌మన్ చేస్తుంటే పక్కన నిలబడి చూడండి. ముందు నల్లటి పై తొడుగును గుండ్రంగా కోసి లాగేస్తాడు. వెండిలా మెరిసే సన్నటి జీఐ తీగలు ఒకదాని పక్కన ఒకటి మెలి తిరిగి కనిపిస్తాయి. వాటిని హాక్సా బ్లేడుతో పూర్తిగా కోయకుండా సగం మందం దాకా గాటు పెట్టి, ఒక్కొక్కటీ అటూ ఇటూ వంచితే తెగిపోతాయి. పూర్తిగా కోస్తే బ్లేడు లోపలి తొడుగులోకి దిగుతుంది. తర్వాత మిగిలిన తీగలను గొడుగు ఊచల్లా విప్పి, గ్లాండు కోను మీద చుట్టూ సమంగా పరిచి నట్టు బిగించాలి. ఒక్క తీగ కూడా బయట వేలాడకూడదు, రెండు తీగలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. గ్లాండుతో పాటు ఎర్త్ ట్యాగ్ అనే రింగు పెట్టించి, దాని నుంచి ఎర్త్ బారుకి వైరు వేయించండి. ఇత్తడి డబుల్ కంప్రెషన్ గ్లాండు అడిగి కొనండి, తడి లోపలికి వెళ్లనివ్వదు. గ్లాండు లేకుండా రంధ్రంలోంచి కేబుల్‌ని దూర్చి ఎం-సీల్ పెడతాననేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి.

రెండు చివర్లా ఏ బ్రేకర్లు

ఇంటి దగ్గర: గది ప్లగ్గు నుంచో, మేడ మీద లైను నుంచో కాకుండా మెయిన్ స్విచ్చు తర్వాత నేరుగా తీసుకోండి. ఈ కేబుల్‌కి విడిగా 25 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, సి కర్వ్. దాంతో పాటు 100 మిల్లీఆంపియర్ల, ఎస్ టైపు ఆర్‌సీసీబీ. ఎస్ టైపు అంటే కాస్త ఆగి పడేది. ఇది కేబుల్‌కి కాపలా. ఎవరైనా గునపంతో ఆర్మరు చీల్చుకుని ఫేజుని తాకితే, ఆ కరెంటు ఆర్మరులోంచి ఎర్తుకి వెళ్తుంది. మొదట చెప్పిన లెక్క ప్రకారం ఎంసీబీ పడకపోయినా ఇది పడుతుంది. ఇంటికి ఉన్న 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తర్వాత నుంచి లైను తీసుకుంటే, కొట్టంలో ప్లగ్గు తడిసినప్పుడల్లా ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతుంది. కొన్నాళ్లకు విసిగి ఎవరో ఒకరు దాన్ని తీసేయించేస్తారు. అందుకే విడిగా.

గదిలో: మూత ఉన్న, దుమ్ము చొరబడని బోర్డు, గొడ్లకు అందనంత ఎత్తులో. లోపల ముందు 30 మిల్లీఆంపియర్ల, 25 ఆంపియర్ల డబుల్ పోల్ ఆర్‌సీసీబీ. దాని తర్వాత మోటారుకి 16 ఆంపియర్ల సి కర్వ్ ఎంసీబీ, లైట్లకు 6 ఆంపియర్లది. మోటారుకి బి కర్వ్ పెడితే స్టార్టింగులో ఊరికే పడుతుంటుంది, ఎందుకంటే అది తన మీద రాసిన ఆంపియర్లకు మూడు రెట్ల నుంచే పడొచ్చు. సి కర్వ్ ఐదు నుంచి పది రెట్ల మధ్య పడుతుంది. బ్రేకరు గదిలోనే ఉండాలనడానికి మరో కారణం: గడ్డి మిషన్లో చేయి ఇరుక్కున్నప్పుడు 60 మీటర్లు పరిగెత్తే వీలుండదు.

ఎర్తు

గది దగ్గర విడిగా ఎర్త్ పిట్ తీయండి. రెండున్నర మీటర్ల జీఐ పైపో, మూడు మీటర్ల రాగి పూత రాడ్డో చాలు. దాన్నీ, కేబుల్లో పసుపు కోరునీ, ఆర్మరునీ గది ఎర్త్ బారు మీద కలపండి. ఇంటి వైపు కూడా ఆర్మరు, పసుపు కోరు రెండూ ఇంటి ఎర్త్ బారుకే. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, ఎర్తు 100 ఓమ్‌లున్నా లీకు వల్ల లోహానికి వచ్చేది 3 వోల్టుల దగ్గరే అది పడిపోతుంది. ఎండాకాలంలో పిట్ ఎండినా పని ఆగదు. అలాగని నీళ్లు పోయడం మానకండి.

గొడ్లను కట్టే ఇనుప గుంజలు, రేకుల షెడ్డు స్తంభాలు, నీటి తొట్టి పైపు, వీటన్నిటినీ ఒక తీగతో ఎర్త్ బారుకి కలపండి. మనిషికి తెలియని చిన్న వోల్టు తేడాకే గేదె బెదురుతుంది. దాని కాళ్లు నాలుగూ దూరదూరంగా తడినేల మీద ఉంటాయి, ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ మధ్య వచ్చే తేడా గుండె మీదుగా పోతుంది.

న్యూట్రలునీ ఎర్తునీ గదిలో ఎక్కడా కలపకూడదు. "న్యూట్రలు సరిగా రావట్లేదు, ఎర్తుతో నడిపిద్దాం" అనే అలవాటు మన దగ్గర ఉంది. అలా చేస్తే ఆర్‌సీసీబీ నిలబడదు. దాన్ని తీసేసి నడిపితే, ఎర్తు తీగ తెగిన రోజున గుంజలన్నీ ఫేజు అవుతాయి.

కరెంటు ఇచ్చాక

ముందు లోడు లేకుండా ఇంటి వైపు ఎంసీబీ వేసి, ఆర్‌సీసీబీలు నిలబడ్డాయో లేదో చూడండి. గది ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి. ఆ బటన్ పరికరం పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది, ఎర్తు ఉందని చెప్పదు. అందుకని వైర్‌మన్‌తో ప్లగ్గులో ఫేజుకీ ఎర్తుకీ మధ్య 40 వాట్ల పాత బల్బు పెట్టించండి. ఆ సమయంలో ఎవరూ లోహాన్ని తాకకూడదు, గొడ్లను బయట కట్టేయండి. ఆ బల్బు 170 మిల్లీఆంపియర్లు లాగబోతుంది కాబట్టి వెలిగీ వెలగకముందే గది ఆర్‌సీసీబీ పడాలి, ఇంటి వైపుది నిలబడాలి. గదిది నిలబడి ఇంటి వైపుది పడితే గది ఆర్‌సీసీబీ పనిచేయట్లేదు, లేదా వైరింగులో దాన్ని దాటేసి వచ్చింది. బల్బు నిండుగా వెలుగుతూ ఉండిపోతే రెండు ఆర్‌సీసీబీలూ పనిచేయట్లేదు. అసలు వెలగకుండా, ఏదీ పడకుండా ఉంటే ఎర్తు తెగి ఉంది. వీటిలో ఏది జరిగినా ఆ రోజుకి కరెంటు ఆపేసి ఇంటికి వెళ్లండి, తెల్లారి చూసుకోవచ్చు.

తర్వాత మిషన్ వేసి, అది అందుకునే క్షణంలో గదిలో వోల్టేజి చూడండి. మాకు సాయంత్రం ఏడింటికి 198 ఉన్నది 171కి దిగి, రెండు సెకన్లలో 191కి వచ్చింది. కాగితం మీద వేసుకున్న లెక్కకు దగ్గరగానే ఉంది.

మట్టి పూడ్చకముందు ఇంటి మూల నుంచీ, గట్టు మీది వేపచెట్టు నుంచీ టేపు పట్టి కొలతలు రాసుకున్నాం. ప్రతి వంపు దగ్గరా ఫొటో తీశాం. ఆ కొలతల కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి గది బోర్డు మూత లోపలి వైపు అంటించాం. వంపు వచ్చిన రెండు చోట్లా సిమెంటు రాళ్లు పాతి, మీద ఎర్ర రంగుతో మెరుపు గుర్తు వేశాం. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కడం అమ్మ పని, పాలు తీశాక అటు వెళ్లినప్పుడు నొక్కి, మళ్లీ పైకెత్తి వస్తుంది.